క్యాష్‌లెస్‌కు వెళ్లాలా, సొంత డబ్బుతో బాగు చేయించి క్లెయిమ్ వేయాలా?

ప్రశ్న: సూర్యాపేట దగ్గర నా కారు డివైడర్‌కు తగిలింది. ముందు బంపరు, బోనెట్, ఎడమ ఫెండర్, ఒక హెడ్‌లైటు, రేడియేటర్ పోయాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. 1200 సీసీ కారు, మూడేళ్లు దాటాయి, జీరో డిప్రిసియేషన్ లేదు, బ్యాంకు అప్పు ఇంకా ఉంది. బీమా కంపెనీ నెట్‌వర్క్ గ్యారేజీ ఖమ్మంలో ఉంది. మా ఊళ్లో పదేళ్లుగా తెలిసిన మెకానిక్ తక్కువలో చేసిపెడతానంటున్నాడు. ఏ దారి మేలు? దేనికి ఏ కాగితాలు కావాలి?

సమాధానం:

నేనైతే బండిని ఖమ్మం పంపిస్తాను, అంటే క్యాష్‌లెస్‌కు వెళ్తాను. అందులో కంపెనీ తన వాటాను నేరుగా గ్యారేజీకి కడుతుంది, మీ వాటా మాత్రమే మీరు కడతారు. మీ మెకానిక్ పనితనం మీద అనుమానంతో చెప్తున్న మాట కాదు. సామాను మీద తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో అతను తగ్గించే డబ్బులో ఎక్కువ భాగం మీ జేబుకు రాదు, బీమా కంపెనీకి మిగులుతుంది. దాని కోసం కాగితాల బరువంతా మీరు మోయాలి. అయితే అతను పక్కా బిల్లు ఇవ్వగలిగి, కొత్త రేకు వేయకుండా పాతదాన్నే సరిచేయగలిగితే లెక్క కొంత మారుతుంది. అదెలాగో కింద చెప్తాను.

నేను లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్‌ను. పదిహేడేళ్లుగా ఇటు నల్గొండ నుంచి అటు కృష్ణా జిల్లా వరకు ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్లు చూసి నష్టం లెక్క వేస్తున్నాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది క్యాష్‌లెస్‌లో బీమా కంపెనీ ఎక్కువ ఇస్తుందని అనుకుంటారు. లేదు. రెండు దారుల్లోనూ సర్వేయర్ వేసే లెక్క ఒకటే. మారేది డబ్బు ముందు ఎవరు పెట్టాలి, రుజువు ఎవరు చూపాలి అన్నది మాత్రమే.

ముందు లెక్క చూద్దాం. మీరు చెప్పిన దెబ్బలకే ఉదాహరణగా ధరలు వేస్తున్నాను, అన్నీ పన్నుతో కలిపి. బంపరు 6,000, హెడ్‌లైటు 8,000, బోనెట్ 10,000, ఫెండర్ 4,000, రేడియేటర్ 6,000. సామాను మొత్తం 34,000 రూపాయలు. కూలి 8,000, రంగు 12,000, రేడియేటర్‌లో పోసే కూలెంట్ 800. బిల్లు 54,800 అవుతుంది.

బంపరు, హెడ్‌లైటు ప్లాస్టిక్ కింద లెక్క. ప్లాస్టిక్‌కు, రబ్బరుకు బండి వయసుతో పని లేదు, సగం తరుగుదల కోత. ఇనుప, లోహ భాగాలకు బండి వయసును బట్టి కోత పెరుగుతుంది. మూడేళ్లు దాటి నాలుగు లోపు ఉన్న బండికి అది 25 శాతం. కాబట్టి బంపరుకు 3,000, హెడ్‌లైటుకు 4,000, బోనెట్‌కు 7,500, ఫెండర్‌కు 3,000, రేడియేటర్‌కు 4,500 ఇస్తారు. సామానుకు వచ్చేది 22,000. కూలి పూర్తిగా ఇస్తారు. రంగు బిల్లు ఒకే మొత్తంగా ఉంటే అందులో నాలుగో వంతును రంగు సరుకు ధరగా తీసుకుని దానిలో సగం కోస్తారు, అంటే 12,000కు 10,500 వస్తుంది. కూలెంట్ ఖర్చయిపోయే సరుకు, దానికి విడిగా యాడ్ ఆన్ తీసుకోకపోతే ఏమీ రాదు. మొత్తం 40,500. దానిలోంచి 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి మినహాయింపు 1,000, పాత సామాను విలువ కింద ఒక 500 తీసేస్తే కంపెనీ వాటా 39,000. మీ వాటా 15,800.

క్యాష్‌లెస్‌లో బండి తీసుకునే రోజు మీరు 15,800 కడతారు. 'ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదన్నారు కదా' అని గ్యారేజీ కౌంటరు దగ్గర గొడవపడేవాళ్లను నెలకు ఇద్దరినైనా చూస్తుంటాను. ఆ పేరు పెట్టినవాళ్లను అనాలి. రీయింబర్స్‌మెంట్‌లో ముందు 54,800 మీరే కట్టి, తర్వాత 39,000 మీ ఖాతాలో పడేదాకా ఎదురుచూస్తారు. చివరికి మీకు పడే ఖర్చు ఒకటే. నో క్లెయిమ్ బోనస్ కూడా రెండింటిలోనూ ఒకేలా పోతుంది.

ఇప్పుడు మీ మెకానిక్ సంగతి. అతను కూలి 8,000 బదులు 5,000కు, రంగు 12,000 బదులు 9,000కు చేశాడనుకోండి. బిల్లు 6,000 తగ్గింది. కానీ కూలిని కంపెనీ ఎలాగూ పూర్తిగా ఇచ్చేది, రంగులో ఎనిమిదో వంతే మీది. ఆ 6,000లో మీకు మిగిలేది 375 రూపాయలు. మిగతాది కంపెనీకి ఆదా. మీ వాటా దాదాపు అంతా సామాను మీద పడే కోత నుంచే వస్తోంది, కారు కంపెనీ సామాను ధర సూర్యాపేటలోనూ ఖమ్మంలోనూ ఒకటే.

అతని వల్ల మీకు నిజంగా లాభం వచ్చే చోటు వేరే ఉంది. ఆ ఫెండర్‌ను మార్చకుండా 1,500 కూలితో కొట్టి సరిచేస్తే, తరుగుదల మాటే రాదు, మీకు ఫెండర్ మీద పడే 1,000 మిగులుతుంది. పెద్ద గ్యారేజీల్లో మార్చేయడానికే మొగ్గు చూపుతారు, వాళ్లకు అది తేలిక. అయితే క్యాష్‌లెస్‌లో కూడా ఈ మాట సర్వే రోజున మీరు సర్వేయర్‌ను అడగవచ్చు. సరిచేయగలిగిన రేకును మార్చమని నేను రాయను, మీరు అడగకపోయినా.

కాగితాల్లో తేడా ఎక్కడుంది? రెండింటికీ ఉమ్మడిగా కావలసినవి కొన్నే. సంతకం చేసిన క్లెయిమ్ ఫారం, పాలసీ, ఆర్‌సీ, ప్రమాదం జరిగినప్పుడు బండి నడుపుతున్న మనిషి లైసెన్సు, మీ కేవైసీ పత్రాలు. డిజిలాకర్‌లో ఉన్న ఆర్‌సీ, లైసెన్సు చాలు. లైసెన్సు బండి యజమానిది కాదు, నడిపినవారిది అన్నది గుర్తుంచుకోండి. తమ్ముడు నడిపితే తమ్ముడు అనే రాయండి. లైసెన్సు గడువు తీరిపోయిందని పేరు మార్చి రాసినవాళ్లు, నేను ప్రమాదం ఎలా జరిగిందో చెప్పమన్న రెండో నిమిషంలో దొరికిపోతారు. అప్పుడు తిరస్కరణకు కారణం లైసెన్సు కాదు, అబద్ధం అవుతుంది. మీ ప్రమాదంలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు, వేరేవాళ్ల ఆస్తికీ నష్టం లేకపోతే మామూలుగా ఎఫ్‌ఐఆర్ అవసరం పడదు.

ఇక్కడి నుంచి దారులు విడిపోతాయి. క్యాష్‌లెస్‌లో ఎస్టిమేట్ తయారు చేయడం, ఫొటోలు ఎక్కించడం, విప్పాక బయటపడిన అదనపు దెబ్బలకు మళ్లీ అనుమతి తెచ్చుకోవడం, తుది బిల్లు పంపడం అంతా గ్యారేజీ పని. మీరు చేసేది రెండు సంతకాలు. ఒకటి క్లెయిమ్ ఫారం మీద, రెండోది బండి తీసుకునేటప్పుడు పని తృప్తిగా ఉందని ఇచ్చే వోచర్ మీద. ఆ రెండో కాగితాన్ని బండి దించిన రోజే మిగతా వాటితో కలిపి సంతకం పెట్టించుకునే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పెట్టకండి. పని చూసి, రేడియేటర్ కారడం లేదని ఒకసారి నడిపి, అప్పుడు పెట్టండి. కంపెనీ గ్యారేజీకి డబ్బు పంపేది ఆ కాగితం మీదే, దాని తర్వాత మీ మాటకు బరువు తగ్గుతుంది.

రీయింబర్స్‌మెంట్‌లో గ్యారేజీ, కంపెనీ మధ్య ఒప్పందం ఉండదు. అందుకని కంపెనీకి మూడు విషయాలు మీరే నిరూపించాలి. దెబ్బ మీరు చెప్పిన ప్రమాదంలోనే తగిలిందని, ఆ సామాను నిజంగా మార్చారని, ఆ డబ్బు నిజంగా కట్టారని. అడిగే కాగితాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదానికి రుజువులే. వీటికి ఒక వరుస ఉంది, దాటిపోయిన మెట్టుకు మళ్లీ వెనక్కి రాలేరు. నేను చూసిన క్లెయిముల్లో కాగితం లేక ఆగినవాటి కంటే, సమయం దాటాక కాగితం పుట్టించలేక దెబ్బతిన్నవే ఎక్కువ.

మొదటి రుజువు: విప్పకముందే సర్వే. మామూలు కారు పాలసీ షరతుల్లో ఒక వాక్యం ఉంటుంది, ఎవరూ చదవరు. కంపెనీకి చెప్పకుండా యజమాని తనంతట తాను మొదలుపెట్టించగల మరమ్మతు పరిమితి 500 రూపాయలు. ఈ రోజుల్లో 500కు అద్దం తుడిచే రబ్బరు కూడా రాదు, అయినా ఆ అంకె అలాగే ఉంది. అర్థం ఏమిటంటే, ప్రతి పనికీ ముందు కంపెనీకి తెలియాలి. కోదాడలో ఒకాయన, పెళ్లి ప్రయాణం ఉందని మూడు రోజుల్లో బండి బాగు చేయించుకుని, తర్వాత క్లెయిమ్ వేశారు. బిల్లు ఉంది, డబ్బు కట్టిన రుజువు ఉంది. పగిలిన బండి ఫొటో ఒకటే ఉంది, అదీ నంబరు ప్లేటు కనపడకుండా. ఆ ఫొటోలో కనిపించిన బంపరుకు, హెడ్‌లైటుకు మాత్రమే లెక్క వేయగలిగాను. లోపల వంగిన భాగాలు నిజంగానే వంగి ఉండవచ్చు, కానీ నేను చూడనిదాన్ని చూశానని రాయలేను.

50,000 రూపాయలు దాటే మోటారు నష్టానికి లైసెన్సు ఉన్న సర్వేయర్ తప్పనిసరి. పైన వేసిన 54,800 ఎస్టిమేట్ ఆ గీతకు పైనే ఉంది. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో నివేదిక కంపెనీకి చేరాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. సర్వేయర్ వచ్చేలోపు మీరు మెకానిక్ దగ్గర గ్యారేజీ పేరున్న కాగితం మీద సామాను, కూలి, రంగు వేర్వేరుగా ఎస్టిమేట్ తీసుకోండి. 'ముందు భాగం పని మొత్తం 50 వేలు' అని ఒకే ముక్కలో రాసి ఇస్తే దాని మీద నేను ఏ కోతా వేయలేను, ఏ అనుమతీ ఇవ్వలేను, తిప్పి పంపడం తప్ప.

విప్పాక కొత్త దెబ్బ బయటపడితే పని ఆపి ఫోను చేయించండి. క్యాష్‌లెస్‌లో గ్యారేజీవాళ్లు ఇది అలవాటుగా చేస్తారు. ఊరి మెకానిక్ 'ఇదెలాగూ మార్చాలి కదా' అని మార్చేస్తాడు, అతని తప్పు లేదు, ఆ పద్ధతి అతనికి తెలియదు.

రెండో రుజువు: పాత సామాను. తీసేసిన బంపరు, బోనెట్, హెడ్‌లైటు అన్నీ తిరిగి తనిఖీ అయ్యేదాకా గ్యారేజీలోనే ఉండాలి. పని పూర్తయ్యాక కొత్త సామాను బండి మీద, పాత సామాను పక్కన పెట్టి సర్వేయర్‌కు చూపాలి, లేదా ఆయన అడిగిన విధంగా ఫొటోలు పంపాలి. పాత రేకును సాయంత్రానికల్లా తుక్కు బండికి వేసే అలవాటు చాలా గ్యారేజీల్లో ఉంది. పని మొదలుపెట్టే ముందే గట్టిగా చెప్పండి. పాత బోనెట్ కనపడకపోతే, కొత్తది వేశారా, పాతదాన్నే సరిచేసి బిల్లులో కొత్తది రాశారా అన్న సందేహం వస్తుంది. అప్పుడు సరిచేసిన కూలి మాత్రమే రాసే సర్వేయర్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేను.

మూడో రుజువు: బిల్లు, చెల్లింపు. మీ మెకానిక్ విషయంలో నా అసలు సందేహం ఇక్కడే. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్నవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి అతనికి నంబరు లేకపోవడం నేరం కాదు. ఆ కారణంతోనే క్లెయిమ్ పోదు కూడా. కానీ అలాంటప్పుడు సామానును మీరే అధీకృత డీలరు దగ్గర, బిల్లు మీద బండి నంబరు వేయించి కొనండి. మెకానిక్ దగ్గర కూలికి, రంగుకు మాత్రం విడిగా తేదీ, వరుస నంబరు, సంతకం ఉన్న బిల్లు తీసుకోండి. పన్ను వేయని బిల్లుకు పన్ను రాదు, అంతే తేడా. డబ్బు యూపీఐలోనో బ్యాంకు ద్వారానో కట్టండి, పైగా స్టాంపు వేసిన రసీదు అడగండి. బిల్లు ఇవ్వాల్సిన మొత్తాన్ని చెప్తుంది, రసీదు ఇచ్చేసినట్టు చెప్తుంది. చాలామంది మొదటిదే పంపి రెండోది ఏమిటని అడుగుతారు.

ఇంకో మాట, సర్వేయర్ ఒప్పుకున్నది, బిల్లు పడినది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక క్లెయిమ్‌లో నేను హెడ్‌లైటును కొత్తదాని ధరకు ఒప్పుకున్నాను. మెకానిక్ పాత సామాను అంగట్లో 2,500కు దొరికినది వేసి, నిజాయితీగా 2,500కే బిల్లు రాశాడు. యజమాని చేతికి అందులో సగం వచ్చింది. ఆయన మోసపోలేదు, ఖర్చు కూడా తక్కువే అయింది, కానీ తనకు రావలసింది కోశారని నాతో చాలాకాలం మాట్లాడలేదు.

బిల్లు ఎవరి పేరు మీద? ఇది కొత్తగా వచ్చిన చిక్కు. జీఎస్టీ మీద 2024 జూన్‌లో వచ్చిన 217వ నంబరు సర్క్యులర్‌లో, బిల్లు బీమా కంపెనీ పేరు మీద ఉంటే, ఒప్పుకున్న క్లెయిమ్ మేరకు ఆ పన్నును కంపెనీ తన లెక్కలో సర్దుకోవచ్చని స్పష్టం చేశారు, అదీ రెండు దారుల్లోనూ. అందుకని నెట్‌వర్క్ గ్యారేజీలు కంపెనీ వాటాకు ఒక బిల్లు, మీ వాటాకు ఒక బిల్లు ఇస్తున్నాయి. రీయింబర్స్‌మెంట్‌లో మీరు డబ్బు కట్టినా, బిల్లు తమ పేరు మీద తమ జీఎస్టీ నంబరుతో వేయించమని కొన్ని కంపెనీలు అడుగుతున్నాయి. బిల్లు ఒకసారి పడ్డాక పేరు మార్చడం గ్యారేజీకి తలనొప్పి. అందుకే బిల్లు వేయించే ముందు రోజు క్లెయిమ్ చూస్తున్న ఆఫీసుకు 'బిల్లు ఎవరి పేరు మీద కావాలి' అని ఒక మెయిల్ పెట్టి జవాబు దగ్గర ఉంచుకోండి.

బ్యాంకు అప్పు గురించి. మీ పాలసీ మీద బ్యాంకు పేరు ఉంటుంది. మరమ్మతుతో సరిపోని నష్టానికి వచ్చే డబ్బు, అంటే బండి పూర్తిగా పోయినప్పటిది, బ్యాంకుకు వెళ్తుందన్నది ఆ షరతు సారాంశం. బాగు చేయించి బిల్లు, రసీదు చూపిన తర్వాత ఆ డబ్బు మీకు రావడానికి ఆ షరతు అడ్డు కాదు. అయినా పెద్ద మొత్తమైతే బ్యాంకు నుంచి అభ్యంతరం లేదనే పత్రం అడిగే ఆఫీసులు ఉన్నాయి. ఆ పత్రం కోసం బ్యాంకు చుట్టూ తిరిగే వారం రోజులు క్యాష్‌లెస్‌లో మిగులుతాయి, డబ్బు నేరుగా గ్యారేజీకి వెళ్తుంది కాబట్టి. రీయింబర్స్‌మెంట్‌కు మీ పేరు, ఖాతా నంబరు అచ్చయిన రద్దు చెక్కు కూడా కావాలి. పాలసీలో ఉన్న పేరు, ఖాతాలో ఉన్న పేరు ఇంటిపేరు దగ్గర తేడా వచ్చి ఆగిన చెల్లింపులు మన వైపు బాగా ఎక్కువ.

కాగితాలు సరిపోలేదన్న ఒక్క సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదని, పరిష్కారానికి నేరుగా అవసరమైనవే అడగాలని పైన చెప్పిన ఐఆర్‌డీఏఐ సర్క్యులరే అంటోంది. కాబట్టి అడిగిన ప్రతిదానికీ తల ఊపనవసరం లేదు, ఎందుకు కావాలో రాతపూర్వకంగా అడగండి. కానీ బిల్లు, రసీదు లేకుండా డబ్బు వస్తుందని దాని అర్థం కాదు.

క్యాష్‌లెస్ మాత్రం దెబ్బతినదా? తింటుంది. గోడ మీద కంపెనీ బోర్డు ఉన్నంత మాత్రాన ఒప్పందం ఇప్పటికీ నడుస్తోందని అనుకోవద్దు, కంపెనీకే ఫోను చేసి ఆ గ్యారేజీ పేరు చెప్పి అడగండి. పని అయ్యాక కంపెనీ నుంచి గ్యారేజీకి చెల్లింపు అనుమతి రావాలి, అది రానిదే బండి ఇవ్వరు. శనివారం సాయంత్రం బండి సిద్ధమై, అనుమతి సోమవారం దాకా రాకపోవడం మామూలే. కేవైసీ సరిపోలకపోవడం, పాలసీ వివరాల్లో తేడా లాంటి కారణంతో క్యాష్‌లెస్ ఆగిపోతే, అదే క్లెయిమ్ రీయింబర్స్‌మెంట్‌గా నడుస్తుంది. అప్పుడు పక్కా బిల్లు, పాత సామాను సిద్ధంగా ఉండటం మీకు కలిసొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే, ఆర్‌సీ మీ పేరు మీదకు వచ్చినా పాలసీ పాత యజమాని పేరు మీదే ఉంటే సొంత నష్టం క్లెయిమ్ ఏ దారిలోనూ నిలవడం కష్టం. కొన్న 14 రోజుల్లో పాలసీ బదిలీకి దరఖాస్తు చేయాలి.

నివేదిక లెక్క మీకు తప్పనిపిస్తే సర్వే నివేదిక కాపీ అడిగి తీసుకోండి, పైన నేను చూపినట్టు వరుసగా సరిచూడండి. తేడా ఉంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల దాటినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

మీ విషయంలో ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. రేడియేటర్ పోయిందన్నారు, కాబట్టి ఖమ్మానికైనా మీ మెకానిక్ దగ్గరికైనా బండిని నడిపించుకుని వెళ్లవద్దు. మరమ్మతుకు ముందు నడిపినందువల్ల పెరిగిన నష్టం యజమానిదే అని పాలసీలో స్పష్టంగా ఉంటుంది. ఇంజిన్ వేడెక్కి పట్టేసిందంటే ఈ 54,800 చిన్న మొత్తంలా కనిపిస్తుంది. లాగించిన ఖర్చుకు మామూలు పాలసీలో 1,500 దాకా వస్తుంది, రోడ్డు పక్క సహాయం యాడ్ ఆన్ ఉంటే దానికి ముందుగా ఫోను చేయండి. లాగే ముందు నంబరు ప్లేటు కనపడేలా నాలుగు వైపుల నుంచి, డివైడర్ కూడా పడేలా ఒకటి, ఫొటోలు తీసి ఉంచండి.